సోమవారం రివ్యూ నోట్స్ నుంచి మేనేజర్‌కి పంపే ఒక పేజీ బ్రీఫ్ దాకా

(విజయవాడలో సేల్స్ కోఆర్డినేటర్ల కోసం పెట్టిన సమావేశంలో చేసిన ప్రసంగం. రానివాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ఇవాళ ఒక్క పని గురించే మాట్లాడతాను. సోమవారం పొద్దున సేల్స్ రివ్యూ జరుగుతుంది, మీరు నోట్స్ రాసుకుంటారు, సాయంత్రానికి మేనేజర్ గారికి ఒక పేజీ పంపాలి. ఆ పేజీలో రెండే ఉండాలి. పోయిన సోమవారానికీ ఈ సోమవారానికీ పైప్‌లైన్‌లో ఏం మారింది, ఎవరు ఏ పని ఏ తేదీలోపు చేయాలి. చెప్పడానికి ఇంతే. కానీ మనలో చాలామంది పంపేది ఏమిటి? రివ్యూలో ఎవరు ఏం మాట్లాడారో ఆ వరసలోనే టైప్ చేసి పంపేస్తాం. అది మినిట్స్ అవుతుంది కానీ బ్రీఫ్ కాదు. ఆ మీటింగ్‌లో మేనేజర్ గారు కూడా కూర్చున్నారు కదండీ, ఆయన విన్నదే మళ్లీ ఆయనకి ఎందుకు పంపడం?

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. నేను పనిచేసేది రూఫ్‌టాప్ సోలార్ అమ్మే టీమ్‌తో. రైస్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు మా కస్టమర్లు. అంకెలు ఇక్కడ చెప్పడానికి వీలుగా గుండ్రం చేశాను, మనుషుల పేర్లు చెప్పను, ఏరియా పేరుతోనే పిలుచుకుందాం. గుంటూరు మేడం, ఏలూరు ఆయన, తెనాలి అబ్బాయి, విజయవాడ ఆయన. నలుగురు, వాళ్ల చేతిలో ఏడు డీల్స్.

జనవరి 5, సోమవారం నాటికి లెక్క ఇదీ. గుంటూరు మేడం దగ్గర ఒక కోల్డ్ స్టోరేజ్ 62 లక్షలు, ఒక స్పిన్నింగ్ మిల్లు 90 లక్షలు. ఏలూరు ఆయన దగ్గర ఒక రైస్ మిల్లు 48, ఒక హాస్పిటల్ 24. తెనాలి అబ్బాయి దగ్గర ఇంకో రైస్ మిల్లు 36, ఒక ఇంజనీరింగ్ కాలేజీ 55. విజయవాడ ఆయన దగ్గర ఫంక్షన్ హాల్ 15. కూడితే 3 కోట్ల 30 లక్షలు. ఇందులో మార్చి లోపు ఆర్డర్ వస్తుందని మేనేజర్ గారు పైవాళ్లకి మాట ఇచ్చినవి మూడు, కోల్డ్ స్టోరేజ్, ఏలూరు మిల్లు, ఫంక్షన్ హాల్. మొత్తం 1 కోటి 25 లక్షలు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, 3.30, 1.25. వీటితోనే పని.

ఇప్పుడు జనవరి 12, సంక్రాంతికి ముందు సోమవారం. రివ్యూ అయింది. నోట్స్ ఇలా ఉన్నాయి, ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

"గుంటూరు, కోల్డ్ స్టోరేజ్: ఓనర్ గారు పాజిటివ్‌గానే ఉన్నారు, మిర్చి సీజన్ మొదలైంది, ఖాళీ లేదు, తర్వాత కూర్చుందాం అన్నారు. స్పిన్నింగ్ మిల్లు: కొటేషన్ చూస్తున్నారు. ఏలూరు, మిల్లు: ఓనర్ ఓకే, బ్యాంక్ ప్రాసెస్‌లో ఉంది, ఫాలోఅప్. ఏలూరు ఐస్ ప్లాంట్ కొత్త ఎంక్వైరీ, 45 దాకా ఉండొచ్చు. తెనాలి మిల్లు: సర్వే అయింది, డ్రాయింగ్ రావాలి. కాలేజీ: ట్యాంకుల నీడ, కెపాసిటీ తగ్గింది, 40 అవుతుంది, కరెస్పాండెంట్ గారితో సార్ మాట్లాడతానన్నారు. విజయవాడ: ఫంక్షన్ హాల్ పీవో, అడ్వాన్స్ వచ్చాయి. మిగతావి పండగ తర్వాత."

మీ నోట్స్ కూడా ఇలాగే ఉంటాయా? ఉంటాయి. తప్పేం లేదు, మాటలు పరిగెడుతుంటే రాసేది అలాగే ఉంటుంది. తప్పు ఎక్కడంటే ఆ నోట్స్‌నే కాస్త శుభ్రం చేసి, నాలుగు హెడ్డింగులు పెట్టి బ్రీఫ్ అని పంపడంలో ఉంది.

ఈ నోట్స్‌లో ఉన్నవి మూడు రకాలు. జరిగినవి కొన్ని, అంటే పీవో వచ్చింది, సర్వే అయింది, 55 కాస్తా 40 అయింది. మన అభిప్రాయాలు కొన్ని, అంటే పాజిటివ్, ఓకే, చూస్తున్నారు. చేయాల్సినవి కొన్ని, అంటే ఫాలోఅప్, డ్రాయింగ్ రావాలి, మాట్లాడతానన్నారు. నేను మొదట చేసే పని మూడు రంగుల పెన్నులు తీసుకుని వీటిని విడివిడిగా గీసుకోవడం. అభిప్రాయాలని బ్రీఫ్‌లోకి రానివ్వను. పాజిటివ్‌గా లేని కస్టమర్ గురించి ఎవరైనా రివ్యూలో చెప్పగా విన్నారా ఎప్పుడైనా? అందరు కస్టమర్లూ పాజిటివే. అలాంటప్పుడు ఆ మాట మేనేజర్‌కి కొత్తగా ఏమీ చెప్పదు.

సరే, పైప్‌లైన్ మార్పులకి వద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్తాను, ఎందుకంటే అసలు పట్టు ఇక్కడే ఉంది.

నోట్స్ చూసి మార్పులు రాయకూడదు. మళ్లీ చెబుతున్నాను, నోట్స్ చూసి మార్పులు రాయకూడదు. రెండు షీట్లు పక్కపక్కన పెట్టి రాయాలి. నోట్స్ దేనికంటే, ఆ మార్పుకి కారణం రాయడానికి. చాలా ఆఫీసుల్లో షీట్ ఒక్కటే ఉంటుంది, నలుగురూ దాన్నే దిద్దుతుంటారు. సాఫ్ట్‌వేర్ వాడేచోట కూడా తెరిస్తే కనపడేది ఇవాళ్టి పరిస్థితే. పోయిన సోమవారం ఎలా ఉందో ఎవరికి గుర్తుంటుంది? అందుకని రివ్యూ మొదలయ్యే ముందే, షీట్‌ని ఎవరూ ముట్టుకోకముందే, కాపీ తీసి తేదీ పేరుతో పెట్టేయాలి. నా ఫైల్‌లో ట్యాబ్ పేరు `05-Jan`, దాని పక్కన `12-Jan`. పాతదాన్ని లాక్ చేస్తాను. అందులో తప్పు కనపడినా దిద్దను, కొత్తదాంట్లో దిద్ది మార్పుగా చూపిస్తాను.

డీల్‌కి నంబర్ ఉండాలి. పేరుతో పోల్చారంటే దొరికిపోతారు. వెంకటేశ్వర రైస్ మిల్ అని గోదావరి జిల్లాల్లో ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకరు శ్రీ పెడతారు, ఒకరు పెట్టరు, ఒకరు మిల్ అంటారు, ఒకరు ఇండస్ట్రీస్ అంటారు. నంబర్ ఒకసారి ఇస్తే ఆ డీల్ ముగిసేదాకా మారకూడదు. A కాలమ్‌లో నంబర్, D కాలమ్‌లో విలువ అనుకుందాం. కొత్త షీట్‌లో ఈ ఒక్క లైన్ పెడితే ప్రతి డీల్ విలువ ఎంత పెరిగిందో ఎంత తగ్గిందో వస్తుంది.

```
=D2-IFERROR(VLOOKUP(A2,'05-Jan'!A:D,4,FALSE),0)
```

కాలేజీకి మైనస్ 15 చూపిస్తుంది. ఐస్ ప్లాంట్ పాత షీట్‌లో లేదు కాబట్టి మొత్తం 45 చూపిస్తుంది. స్టేజ్ కాలమ్, ఆర్డర్ వస్తుందనుకున్న తేదీ కాలమ్ కూడా ఇలాగే పాత షీట్ నుంచి పక్కకి తెచ్చుకుని, మారాయా లేదా చూసుకోవాలి. విలువ, స్టేజ్, తేదీ. ఈ మూడూ పోల్చాలి. ఒక్క విలువే పోల్చితే ఏమవుతుందో ఇంకాసేపట్లో మీరే చూస్తారు.

విలువ అన్నాను కాబట్టి పనిలో పనిగా ఒక మాట. విలువ ఎప్పుడూ జీఎస్టీ లేకుండా రాయండి. మా ఫీల్డ్‌లో 2025 సెప్టెంబర్ 22న సోలార్ సామాను మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ప్లాంట్ మొత్తం కట్టి ఇచ్చే కాంట్రాక్ట్‌లో 70 శాతం సామానుగా, 30 శాతం సర్వీసుగా లెక్కేస్తారు, సర్వీసు మీద 18 శాతం అలాగే ఉంది. అంటే మొత్తం మీద పన్ను 13.8 నుంచి 8.9 శాతానికి దిగింది. పన్నుతో కలిపి విలువ రాసుకున్న టీమ్‌కి ఆ వారం ఒక్క డీల్ కూడా కదలకుండానే పైప్‌లైన్ తగ్గినట్టు కనపడుతుంది. లేని మార్పుకి కారణం వెతుక్కుంటూ కూర్చోవాలి.

ఇప్పుడు లెక్క సరిచూద్దాం. మీ అందరి దగ్గరా బ్యాంక్ పాస్‌బుక్ ఉంటుంది కదా. మొదట ఉన్న బ్యాలెన్స్, వచ్చినవి, పోయినవి, చివర్న బ్యాలెన్స్. అది కలవాలి. పైప్‌లైన్ కూడా అంతే, కలవాలి. మొదట 330 లక్షలు. ఫంక్షన్ హాల్ ఆర్డర్ అయిపోయింది కాబట్టి పైప్‌లైన్ నుంచి బయటికి, మైనస్ 15. కాలేజీ మైనస్ 15. ఐస్ ప్లాంట్ ప్లస్ 45. ఎంత వచ్చింది? 345. ఇప్పుడు కొత్త షీట్‌లో ఇంకా నడుస్తున్న డీల్స్ కూడండి. 321 వస్తోంది. తేడా 24.

ఎక్కడ పోయాయి ఆ 24 లక్షలు? నోట్స్ ఇందాకే చదివాను కదా, ఎవరికైనా గుర్తొస్తోందా? హాస్పిటల్. ఏలూరు హాస్పిటల్ 24 లక్షలు. రివ్యూలో దాని ఊసే రాలేదు. అది అద్దె బిల్డింగ్, పైకప్పు మీద ప్యానెళ్లు పెట్టడానికి బిల్డింగ్ ఓనర్ ఒప్పుకోలేదు, డీల్ పోయింది. ఏలూరు ఆయన శనివారమే షీట్‌లోంచి ఆ వరస తీసేశారు. దాచాలని కాదండీ, అయిపోయిన దాన్ని ఇంకా ఎందుకు ఉంచడం అనుకున్నారు. వరసే లేకపోతే కొత్త షీట్‌లో పెట్టిన ఫార్ములాకి అది ఎలా కనపడుతుంది? కనపడదు. పాత షీట్‌లో ఉండి కొత్త షీట్‌లో లేని నంబర్లు ఏవో తిరగేసి కూడా చూడాలి. అన్నిటికన్నా మంచిది, వరస తీసేయడం అనేదే లేకుండా చేయడం. స్టేజ్ దగ్గర "పోయింది" అని మార్చి, పక్కన కారణం ఒక్క ముక్క రాయమనండి. కూడేటప్పుడు నడుస్తున్నవే కూడుకుంటాం.

రివ్యూలో పోయిన డీల్ గురించి ఎవరూ తమంతట తాము మాట్లాడరు. మనిషి నైజం అది. కాబట్టి నోట్స్‌ని నమ్ముకుంటే పోయినవి ఎప్పటికీ బ్రీఫ్‌లోకి రావు. ఈ కూడికలో తేలతాయి. అందుకే లెక్క కలవకుండా బ్రీఫ్ పంపొద్దని అంతగా చెబుతున్నాను. ఇంకోటి కూడా ఉంది. ఈ కారణం మేనేజర్‌కి పనికొస్తుంది. అద్దె బిల్డింగ్ అని సర్వేకి వెళ్లకముందే అడిగి ఉంటే ఆ డీల్ 24 లక్షలుగా లిస్ట్‌లో కూర్చునేదే కాదు.

సరే, లెక్క కలిసింది. 3.30 కోట్ల నుంచి 3.21 కోట్లు. తొమ్మిది లక్షలు తగ్గింది. ఈ ఒక్క లైన్ చూసిన మేనేజర్ ఏమనుకుంటారు? పర్లేదు, ఈ వారం పెద్దగా ఏం లేదు, అనుకుంటారు. నిజంగా ఏం లేదా?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న రెండో అంకెకి రండి, 1.25 కోట్లు. మార్చి లోపు వస్తాయన్నవి. అందులో ఫంక్షన్ హాల్ 15 వచ్చేసింది, సంతోషం. ఏలూరు మిల్లు 48 ఇంకా ఉంది. కోల్డ్ స్టోరేజ్ 62? నోట్స్‌లో "పాజిటివ్‌గానే ఉన్నారు" అని ఉంది. విలువ మారలేదు, స్టేజ్ మారలేదు. మారింది తేదీ. మిర్చి సీజన్‌లో గుంటూరు కోల్డ్ స్టోరేజ్ ఓనర్ ఎవరైనా సోలార్ అగ్రిమెంట్ మీద కూర్చుంటారా? లారీలు దిగుతుంటాయి, సరుకు ఎక్కించడంలోనే తెల్లారుతుంది. నేను మేడంకి ఫోన్ చేసి అడిగాను, "తర్వాత అంటే ఎప్పుడండీ?" అని. మే నెల అన్నారు. అంటే 62 లక్షలు మార్చిలోంచి మే నెలకి వెళ్లిపోయాయి. మాట ఇచ్చిన దాంట్లో దాదాపు సగం. పైప్‌లైన్ మొత్తంలో ఒక్క రూపాయి కూడా తగ్గకుండా సగం వెళ్లిపోయింది.

ఇక్కడ మా ఫీల్డ్‌కి సంబంధించిన మెలిక ఇంకోటి ఉంది. సోలార్ ప్లాంట్ మీద వ్యాపారస్తులు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 40 శాతం డిప్రీసియేషన్ వేసుకుంటారు, ఆ ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగం వస్తుంది. ఆ సగమైనా ఈ ఏడాది కావాలంటే మార్చి 31 లోపు ప్లాంట్ నడవాలి. ఇన్నాళ్లూ మేడం ఆ ఓనర్ గారికి చెబుతూ వచ్చింది ఆ మాటే. మే నెలకి వెళ్తే ఆ మాటకి బలం ఉండదు, సెప్టెంబర్‌లో పెట్టించుకున్నా ఆయనకి వచ్చే ఏడాదికి మొత్తం 40 శాతం వస్తుంది కాబట్టి తొందరేముంది అంటారు. కాబట్టి ఈ తేదీ మార్పుని రెండు నెలలు వాయిదా అని రాస్తే సరిపోదు. కొనడానికి ఉన్న ఒక కారణం పోయింది అని రాయాలి. ఇలాంటిది ఏ ఫార్ములా చెప్పదండీ. మీ వ్యాపారం మీకు తెలిస్తే మీరే రాస్తారు, మీ దగ్గర పంపులు కావచ్చు, మందులు కావచ్చు, సాఫ్ట్‌వేర్ కావచ్చు, ప్రతి దాంట్లో ఇలాంటి తేదీ ఒకటి ఉంటుంది, దాటితే కస్టమర్‌కి తొందర పోయే తేదీ.

ఇక కదలనివి. మార్పుల గురించి మాట్లాడుతూ కదలనివి అంటున్నానేంటి అనుకుంటున్నారా? ఏలూరు మిల్లు చూడండి. "బ్యాంక్ ప్రాసెస్‌లో ఉంది." పాత నోట్స్ తిరగేస్తే డిసెంబర్ 29న అదే మాట, జనవరి 5న అదే మాట. మూడు సోమవారాలు ఒకే వాక్యం. మార్చి లెక్కలో మిగిలింది ఈ ఒక్కటే, 48 లక్షలు, అది మూడు వారాలుగా కదల్లేదంటే మేనేజర్‌కి తెలియాలా వద్దా? స్పిన్నింగ్ మిల్లు 90 లక్షలు, అన్నిటికన్నా పెద్దది, "కొటేషన్ చూస్తున్నారు". కొటేషన్ తీసి చూశాను. డిసెంబర్ 8న ఇచ్చింది, గడువు 30 రోజులు. అంటే జనవరి 7తో అయిపోయింది. వాళ్లు చూస్తున్న కొటేషన్‌కి ఇప్పుడు విలువే లేదు. కాబట్టి నాది ఒకటే నియమం, మూడు వారాలు విలువా స్టేజూ తేదీ ఏదీ మారని డీల్ మార్పుల కిందే పేరుపెట్టి రాస్తాను.

ఎవరు, ఏ పని, ఎప్పటికి

ఇప్పుడు రెండో సగం, ఫాలోఅప్స్. "ఏలూరు మిల్లు, ఫాలోఅప్" అని రాస్తే అది పని కాదు. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటికి, అయిందని దేన్ని చూసి నమ్మాలి. నాలుగూ ఉంటేనే రాయండి. నాలుగోది చాలామంది వదిలేస్తారు. దాన్నే వదలొద్దంటాను.

ఏలూరు మిల్లుని తిరగరాద్దాం. "ఏలూరు ఆయన 20వ తేదీ మంగళవారం లోపు బ్యాంక్ బ్రాంచికి మిల్లు ఓనర్‌తో కలిసి వెళ్లి లోన్ ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. చేతికి రావాల్సింది శాంక్షన్ లెటర్ కాపీ, లేదంటే బ్యాంక్ అడుగుతున్న కాగితాల లిస్ట్." ఇప్పుడు వచ్చే రివ్యూలో "ప్రాసెస్‌లో ఉంది" అనడానికి వీలుందా? లెటర్ అయినా ఉండాలి, లిస్ట్ అయినా ఉండాలి. సేల్స్ వాళ్లని ఇరికించడానికి కాదు ఇది. వాళ్లకే మేలు, ఎందుకంటే ఏ కాగితం కోసం ఆగిందో తెలిస్తే అది తెప్పించడం పెద్ద పని కాదు.

"పండగ తర్వాత" అని ఉంది చూశారా చివర్న. మనకి జనవరిలో అన్నీ పండగ తర్వాతే. పండగ తర్వాత అంటే కనుమ అయ్యాకా, ఊరి నుంచి వచ్చాకా, ఆ పైవారమా? ప్రతి ఒక్కరినీ పిలిచి తేదీ అడగండి. 19 సోమవారమా, 21 బుధవారమా. తేదీ మీరు వేయకండి, వాళ్లతోనే చెప్పించండి. మీరు వేసిన తేదీ దాటితే "అది నేను ఒప్పుకున్నది కాదు" అంటారు, అందులో న్యాయం కూడా ఉంది.

ఒక పనికి ఒక్కరే. "గుంటూరు, తెనాలి కలిసి చూస్తారు" అని రాశారో, ఆ పని ఎవరూ చేయరు. తెనాలి మిల్లు చూడండి, "డ్రాయింగ్ రావాలి". ఎవరి దగ్గర నుంచి రావాలి? డిజైన్ టీమ్ నుంచి. సర్వే అయి ఫోటోలు, కొలతలు వాళ్లకి చేరాయి, వాళ్ల దగ్గర వరసలో ఉంది. మరి ఈ పని ఎవరి పేరున రాయాలి? కొందరు డిజైన్ టీమ్ అని రాస్తారు. టీమ్‌కి పేరూ ముఖం ఉండవు, వచ్చే సోమవారం రివ్యూలో వాళ్లు కూర్చోరు. నేను తెనాలి అబ్బాయి పేరే రాస్తాను, పక్కన "ఆగింది: డిజైన్ దగ్గర" అని ఇంకో గడి పెడతాను. కస్టమర్‌కి జవాబు చెప్పేది అతను కాబట్టి పని అతనిది. ఆగింది మాత్రం అతని వల్ల కాదని మేనేజర్‌కి తెలుస్తుంది. ఈ రెండు గడులూ కలిపేస్తే పాపం ఎవరిదో ఆలస్యం ఆ కుర్రాడి మీద పడుతుంది. నేను చూశాను అలా పడటం, అందుకే గట్టిగా చెబుతున్నాను.

మేనేజర్ పేరున కూడా పని రాయండి. కాలేజీ కరెస్పాండెంట్ గారితో మాట్లాడతానని సార్ అన్నారు కదా, నీడ పడని హాస్టల్ బ్లాక్ మీద మిగతా ప్యానెళ్లు పెట్టొచ్చా అని అడగడానికి. మనం మొహమాటపడి అది రాయం. సార్‌కి మనం తేదీ పెట్టడమేంటి అని. కానీ తెనాలి అబ్బాయి 40 లక్షలకి కొత్త కొటేషన్ ఇవ్వాలా, హాస్టల్ కలిపి ఇవ్వాలా అన్నది ఆ ఒక్క ఫోన్ మీదే ఆగింది. "సార్, మీ పేరున కాలేజీ ఫోన్ ఉంది, ఏ తేదీ వేయమంటారు?" అని అడిగితే చాలు. నేను పనిచేసిన మేనేజర్లలో ఈ మాటకి కోపం తెచ్చుకున్నవాళ్లు లేరు.

ఇప్పుడు పేజీ మొత్తం ఒకసారి చదువుతాను. ఆ సోమవారం సాయంత్రం వెళ్లింది ఇదీ.

"మీరు తేల్చాల్సినవి: 1. స్పిన్నింగ్ మిల్లు 90 లక్షలు, కొటేషన్ గడువు 7న ముగిసింది, పాత రేటుకే పొడిగించాలా, కొత్త రేటు ఇవ్వాలా. 2. తెనాలి మిల్లు 36 లక్షలు, డ్రాయింగ్ డిజైన్ దగ్గర ఆగింది, ముందుకు జరపమని మీరు చెప్పాలి.

మార్చి లెక్క: 1.25 కోట్లలో 15 లక్షలు వచ్చాయి, 48 లక్షలు మిగిలాయి, కోల్డ్ స్టోరేజ్ 62 లక్షలు మే నెలకి వెళ్లాయి. మిర్చి సీజన్ కారణం. మార్చి దాటితే ఈ ఏడాది డిప్రీసియేషన్ ఉండదు కాబట్టి ఓనర్‌కి తొందర తగ్గుతుంది.

పైప్‌లైన్: 3.30 నుంచి 3.21 కోట్లు. ఆర్డర్ అయింది, ఫంక్షన్ హాల్ 15. పోయింది, హాస్పిటల్ 24, అద్దె బిల్డింగ్. తగ్గింది, కాలేజీ 55 నుంచి 40, ట్యాంకుల నీడ. కొత్తది, ఐస్ ప్లాంట్ 45, సర్వే ఇంకా కాలేదు, అంకె అంచనా మాత్రమే. మూడు వారాలుగా కదలనివి, ఏలూరు మిల్లు, స్పిన్నింగ్ మిల్లు.

గుంటూరు మేడం: స్పిన్నింగ్ మిల్లుకి కొత్త తేదీతో కొటేషన్, 21 లోపు, పంపిన మెయిల్ కాపీ. ఆగింది: రేటు మీద మీ నిర్ణయం దగ్గర. ఏలూరు ఆయన: బ్యాంక్, 20 లోపు, శాంక్షన్ లెటర్ లేదా కాగితాల లిస్ట్. ఐస్ ప్లాంట్ సర్వే, 23 లోపు, సర్వే ఫారం, బిల్డింగ్ సొంతమా అద్దా. తెనాలి అబ్బాయి: మిల్లు డ్రాయింగ్, 22 లోపు, కస్టమర్‌కి చేరిన కాపీ. ఆగింది: డిజైన్ దగ్గర. విజయవాడ ఆయన: ఫంక్షన్ హాల్ నెట్ మీటరింగ్ అప్లికేషన్, 19న, డిస్కం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్. మేనేజర్ గారు: కాలేజీ కరెస్పాండెంట్‌కి ఫోన్, 19న."

అంతే. ఫోన్‌లో రెండుసార్లు జరిపితే అయిపోతుంది. నిర్ణయాలు పైన పెట్టాను, ఎందుకంటే మేనేజర్ కార్లో కూర్చుని మొదటి నాలుగు లైన్లే చదివినా పని ఆగకూడదు. ఐస్ ప్లాంట్ దగ్గర "అంచనా మాత్రమే" అని రాశాను చూశారా, ఆ 45 లేకపోతే పైప్‌లైన్ 2.76 కోట్లు. అంటే మొత్తం నిలబడినట్టు కనపడుతున్నది ఇంకా ఎవరూ వెళ్లి చూడని ఒక పైకప్పు వల్ల. ఈ సంగతి మేనేజర్ ఊహించుకోవాల్సిన అవసరం ఉండకూడదు.

కొందరు పర్సంటేజీలు వేస్తారు. నెగోషియేషన్‌లో ఉంటే 60 శాతం, కొటేషన్‌లో ఉంటే 30 శాతం, అలా గుణించి కూడతారు. వందల డీల్స్ ఉన్నచోట దానికి అర్థం ఉంటుంది. ఏడు డీల్స్ ఉన్న టీమ్‌కి వద్దు. 48 లక్షల మిల్లుకి 60 శాతం అంటే 28.8 లక్షలు. అంత ఆర్డర్ ఎప్పటికైనా వస్తుందా? వస్తే 48 వస్తుంది, లేదా ఏమీ రాదు. మీ మేనేజర్ అడిగితే వేయండి, కానీ విడిగా కింద వేయండి.

పంపే ముందు ఒక పని మిగిలింది. ఎవరి భాగం వాళ్లకి వాట్సాప్‌లో పెట్టి, "మూడు గంటల్లోపు చూసి సరే అనండి" అని అడుగుతాను. కోల్డ్ స్టోరేజ్ మే నెల అన్న సంగతి, హాస్పిటల్ పోయిన సంగతి ఇలా అడిగినప్పుడే ఖాయం అయ్యాయి. జవాబు రాకపోతే బ్రీఫ్ ఆపను, ఆ లైన్ పక్కన "ఇంకా ధ్రువపరచలేదు" అని రాసి పంపుతాను. తెలియనిది తెలిసినట్టు మాత్రం రాయను. తేదీ నోట్స్‌లో లేకపోతే "తేదీ చెప్పలేదు" అనే ఉంటుంది.

ఇక ప్రశ్నలు. ముందు వరసలో ఆవిడ చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉన్నారు, చెప్పండమ్మా.

ఆవిడ అడిగింది వెనక వాళ్లకి వినపడలేదేమో, మళ్లీ చెబుతాను. పని చెప్పిన తేదీకి అవకపోతే తేదీ మార్చి రాస్తామా అని. మంచి ప్రశ్న. మార్చండి, కానీ పాత తేదీ చెరపొద్దు. "20, ఇప్పుడు 27" అని రెండూ ఉండాలి. రెండుసార్లు మారితే ఆ పనిని ఓనర్ పేరు కింద నుంచి తీసి పైన "మీరు తేల్చాల్సినవి"లోకి ఎక్కించండి. రెండుసార్లు తప్పిందంటే చాలాసార్లు అది ఆ మనిషి చేతిలో లేని పని అయి ఉంటుంది, రేటు కావచ్చు, డిజైన్ కావచ్చు, బ్యాంక్ కావచ్చు. మొన్న 19న రివ్యూ మొదలుపెట్టింది కూడా కొత్త కబుర్లతో కాదు, ఈ లిస్ట్‌తోనే. ఒక్కొక్క లైన్ చదవడం, అయిందా, చూపించండి, కాలేదా, కొత్త తేదీ చెప్పండి. పది నిమిషాల్లో అది అయిపోయాక మిగతా మాటలు.

ఇంకెవరైనా? ఆ పక్కన, నీలం చొక్కా ఆయన. పండగ వల్ల రివ్యూ జరగని వారం ఏం పంపాలి అంటున్నారు. షీట్ కాపీ మాత్రం ఆ సోమవారం కూడా తీయండి, తేదీ వేసి పెట్టండి. బ్రీఫ్‌లో పైప్‌లైన్ భాగం యథావిధిగా పంపండి, అది షీట్ నుంచే వస్తుంది కాబట్టి మీటింగ్‌తో పని లేదు. ఫాలోఅప్స్‌లో ఆ వారం తేదీ పడినవి మాత్రం ఫోన్ చేసి కనుక్కుని రాయండి.